తీర్పు వచ్చాక దాన్ని ఎవరు రద్దు చేయగలరు?

లా కాలేజీలో అధికార విభజన మీద గంట సేపు సాగే పాఠాన్ని ఒక్క పేజీకి కుదించమంటే విద్యార్థుల నోట్సు దాదాపు ఒకేలా ఉంటుంది. 1748లో మాంటెస్క్యూ రాసిన పుస్తకం, శాసనం - కార్యనిర్వహణ - న్యాయం అనే మూడు శాఖలు, 50వ అధికరణం, ఆ కింద వరసగా కేసుల పేర్లు: రామ్ జవాయా కపూర్ 1955, కేశవానంద భారతి 1973, ఇందిరా గాంధీ 1975. అందులో తప్పేమీ లేదు. కానీ పరీక్షలో, "కోర్టు తీర్పు చెల్లదంటూ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది, అది నిలుస్తుందా?" అని అడిగితే ఆ పేజీలో సమాధానం దొరకదు.

పాఠం ఇంగ్లిషులో విని, ఇంట్లో తెలుగులో ఆలోచించుకునే విద్యార్థికి ఈ ఇబ్బంది మరికొంచెం ఎక్కువ. అధ్యాపకుడు చదివిన తీర్పు వాక్యం ఇంగ్లిషులోనే నోట్సులో పడుతుంది. దాని వెనక ఉన్న కారణం మాత్రం పడదు. అందుకే ఈ పాఠాన్ని కుదించేటప్పుడు కేసుల జాబితా కాకుండా ఒక ప్రశ్నను పట్టుకోవడం మేలు. ఒక వివాదంలో తీర్పు వచ్చేసింది. ఇప్పుడు ఆ తీర్పును చట్టసభ మార్చగలదా? ప్రభుత్వం మార్చగలదా? మన రాజ్యాంగంలో అధికార విభజన ఎంత ఉందో, ఎక్కడ ఆగుతుందో ఈ ఒక్క ప్రశ్న వెంట వెళ్తే చాలావరకు తెలుస్తుంది.

ముందుగా నేపథ్యం, రెండు ముక్కల్లో. మూడు శాఖల్నీ పూర్తిగా వేరుచేయాలని 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కె.టి. షా ఒక సవరణ ప్రతిపాదించారు. సభ దాన్ని ఒప్పుకోలేదు. మంత్రులు చట్టసభలోనే కూర్చుని దానికి జవాబు చెప్పే పార్లమెంటరీ పద్ధతిని ఎంచుకున్నాక, అమెరికా తరహా విభజన కుదరదు మరి. 50వ అధికరణం కూడా మూడు శాఖల గురించి చెప్పేది కాదు. న్యాయవ్యవస్థను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని మాత్రమే అంటుంది. అది కూడా ఆదేశిక సూత్రమే. నోట్సుల్లో తరచూ కనిపించే మొదటి పొరపాటు ఇక్కడే ఉంటుంది.

రామ్ జవాయా కేసులో అసలేం జరిగిందో రాసుకునేవాళ్లు తక్కువ. పంజాబ్ ప్రభుత్వం బడి పుస్తకాల ప్రచురణను తన చేతిలోకి తీసుకుంది. వ్యాపారం పోయిన ప్రైవేటు ప్రచురణకర్తలు కోర్టుకెక్కి, చట్టసభ చట్టం చేయకుండా ప్రభుత్వం ఈ పని ఎలా చేస్తుందని అడిగారు. విభజన సిద్ధాంతాన్ని మన రాజ్యాంగం అంత కఠినంగా పాటించలేదని, అయినా ఏ శాఖ పని ఏదో తగినంతగా వేరుచేసిందని ప్రధాన న్యాయమూర్తి బి.కె. ముఖర్జియా చెప్పారు. ఎవరి హక్కుకూ భంగం లేనప్పుడు ప్రతి పనికీ ముందుగా చట్టం అక్కర్లేదంటూ ప్రచురణకర్తల పిటిషన్ కొట్టేశారు. అంటే పనులు కొంత కలిసిపోవచ్చు. మరి కలవకూడని చోటేది? ఆ తర్వాత వచ్చిన మూడు కేసులు దానికి జవాబిస్తాయి.

మొదటిది ఒక పన్ను గొడవ. గుజరాత్‌లోని భరూచ్ పురపాలక సంఘం మిల్లుల స్థలాల మీద, భవనాల మీద వాటి మూలధన విలువను బట్టి పన్ను వేసింది. ఇంతలో అహ్మదాబాదుకు చెందిన వేరే కేసులో సుప్రీంకోర్టు, చట్టంలో 'రేటు' అన్న పన్నును ఏటా వచ్చే అద్దె విలువ మీదే లెక్కగట్టాలని తేల్చింది. దాంతో భరూచ్ వసూళ్లకు ఆధారం పోయింది. గుజరాత్ శాసనసభ 1963లో వ్యాలిడేషన్ చట్టం తెచ్చింది. మూలధన విలువ మీద కూడా పన్ను వేయవచ్చని చెప్పి, పాత వసూళ్లు ఆ కొత్త చట్టం ప్రకారం జరిగినట్లే లెక్క అంది. పృథ్వీ కాటన్ మిల్స్ యాజమాన్యం దీన్ని సవాలు చేసింది.

1969లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది, ఒక గీత గీసి మరీ. ఫలానా తీర్పు మాకు వర్తించదని చట్టసభ ఊరికే ప్రకటించడానికి వీల్లేదు. అది తీర్పు చెప్పే అధికారాన్ని తాను వాడుకోవడమే. తీర్పు ఏ చట్టం మీద నిలబడిందో ఆ చట్టాన్ని మాత్రం మార్చవచ్చు, వెనకటి తేదీ నుంచి కూడా మార్చవచ్చు. మారిన చట్టం ముందే ఉండి ఉంటే కోర్టు ఆ తీర్పు ఇచ్చేదే కాదు అన్నంతగా ఆ మార్పు ఉండాలి. ఈ ఒక్క పరీక్ష నోట్సులో ఉంటే చాలా ప్రశ్నలు దీంతోనే తేలిపోతాయి.

రెండోది అందరికీ తెలిసినట్లే ఉండే కేసు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ రాయ్‌బరేలీ ఎన్నికను రద్దు చేసింది. ఆగస్టులో పార్లమెంటు 39వ సవరణ ద్వారా 329-ఎ అధికరణం తెచ్చింది. దాని నాలుగో క్లాజు ప్రధానమంత్రి ఎన్నికకు పాత ఎన్నికల చట్టం వర్తించదనీ, హైకోర్టు తీర్పు చెల్లదనీ, ఎన్నిక చెల్లుతుందనీ తేల్చేసింది. నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టేసింది. న్యాయమూర్తులు చెప్పిన కారణాలు ఒకదానికొకటి కొంత వేరుగా ఉన్నా, ఒక మాట ప్రధానంగా నిలిచింది. ఇద్దరి మధ్య ఉన్న ఒక ఎన్నికల వివాదాన్ని, ఏ చట్ట ప్రమాణం ప్రకారమన్నది లేకుండా పార్లమెంటే తేల్చేయడం చట్టం చేయడం కిందికి రాదు. రాజ్యాంగ సవరణ పేరుతో చేసినా అది చెల్లదు.

నోట్సుల్లో రెండో పొరపాటు ఇక్కడ దొర్లుతుంది. ఈ కేసులో ఇందిరా గాంధీ ఓడిపోయారని చాలామంది రాస్తారు. ఓడలేదు. నాలుగో క్లాజు పోయినా ఆమె ఎన్నిక నిలిచింది. అదే ఏడాది పార్లమెంటు ఎన్నికల చట్టాన్ని కూడా వెనకటి తేదీ నుంచి సవరించింది. ఒక వ్యక్తిని ఎప్పటినుంచి అభ్యర్థిగా లెక్కించాలి, ప్రభుత్వోద్యోగి రాజీనామా ఎప్పటినుంచి అమలవుతుంది, అధికారులు విధిలో భాగంగా చేసిన ఏర్పాట్లు అభ్యర్థికి చేసిన సాయం అవుతాయా అన్న నిబంధనలు మారాయి. హైకోర్టు తీర్పు నిలబడిన ఆధారాలు ఇవే. ఆ సవరణలను కోర్టు ఒప్పుకుంది. ఒకే తీర్పులో ఒక దారి మూసుకుపోయింది, మరో దారి తెరిచే ఉంది. పృథ్వీ కాటన్ పరీక్షకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మూడోది మన ఇంటి కేసు. ముల్కీ వివాదం, జై ఆంధ్ర ఉద్యమం తర్వాత ఆరు సూత్రాల పథకం కుదిరింది. దాన్ని అమలుచేయడానికి 1973లో 32వ సవరణతో రాజ్యాంగంలోకి 371-డి అధికరణం వచ్చింది. స్థానిక అభ్యర్థులు, జోన్లు అనగానే అందరికీ గుర్తొచ్చే అధికరణం ఇదే. ప్రభుత్వోద్యోగుల నియామకాలు, సీనియారిటీ, పదోన్నతుల వివాదాలను హైకోర్టుకు బదులు విచారించడానికి ఒక పరిపాలనా ట్రిబ్యునల్‌కు కూడా అందులోనే వీలు కల్పించారు.

అయిదో క్లాజులో మెలిక ఉంది. ట్రిబ్యునల్ తుది ఉత్తర్వును రాష్ట్ర ప్రభుత్వం ఖాయం చేస్తేనో, లేదా 3 నెలలు గడిస్తేనో, ఏది ముందైతే అప్పుడే అది అమల్లోకి వస్తుంది. ఆ లోగా ప్రభుత్వం కారణాలు రాసి, ప్రత్యేక ఉత్తర్వుతో దాన్ని మార్చవచ్చు, పూర్తిగా రద్దు కూడా చేయవచ్చు. ఆ ప్రత్యేక ఉత్తర్వును తర్వాత శాసనసభ ముందు పెడితే సరిపోతుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. సీనియారిటీ జాబితాలో తనను కిందికి నెట్టారని ఒక తహసీల్దారు ట్రిబ్యునల్‌కు వెళ్లాడు. అవతలి పక్షం ప్రభుత్వమే. తహసీల్దారు గెలిచాడు. ఇప్పుడు ఓడిన ప్రభుత్వానికి 3 నెలల గడువు ఉంది, ఆ గడువులో తీర్పును రద్దు చేసే అధికారమూ ఉంది. సర్వీసు కేసుల్లో ప్రభుత్వం ప్రతివాదిగా లేని కేసు ఉండదు గనక, ఇది ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే పరిస్థితి కాదు.

పి. సాంబమూర్తి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం ఈ క్లాజును కొట్టేసింది. కేసులో ఓడిన పక్షమే తీర్పును పక్కన పెట్టగలిగితే చట్టబద్ధ పాలనకు అర్థం లేదని, రాజ్యాంగ మౌలిక స్వరూపానికి అది విరుద్ధమని చెప్పింది. సవరణతో రాజ్యాంగంలోకి వచ్చినదైనా సరే చెల్లదంది.

ఇదే కేసును నోట్సులోకి ఎక్కించాలంటే నాలుగు వాక్యాలు చాలు. జరిగింది: ట్రిబ్యునల్ ఉత్తర్వును రద్దు చేసే అధికారం 371-డి(5) ప్రభుత్వానికి ఇచ్చింది. ప్రశ్న: రాజ్యాంగ సవరణ ఇలాంటి అధికారం ఇవ్వగలదా? తీర్పు: ఇవ్వలేదు. కారణం: తీర్పుకు కట్టుబడాల్సిన పక్షమే దాన్ని చెరిపేస్తే కోర్టు తలుపు తట్టడం వృథా అవుతుంది. కేసు పేరు, అధికరణం సంఖ్య ఇంగ్లిషులో ఉన్నవి ఉన్నట్లు రాసుకోవాలి. కారణం మాత్రం తన సొంత తెలుగు వాక్యంలో రాసుకోవాలి. తీర్పులోని పదబంధం అరువు తెచ్చుకోకుండా కారణం చెప్పలేకపోతే, ఆ కేసును మరోసారి చదవాల్సిందే.

మరి ఓడిన ప్రభుత్వానికి దారే లేదా? ఉంది. పై కోర్టులో సవాలు చేసుకోవచ్చు. సర్వీసు రూల్సును మార్చుకోవచ్చు. అయితే అక్కడా హద్దు ఉంది. రైల్వే ఉద్యోగుల పింఛన్ లెక్కలో కలిసే రన్నింగ్ అలవెన్సు వాటాను వెనకటి తేదీ నుంచి తగ్గించిన రూల్సును రంగధామయ్య కేసులో 1997లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉద్యోగి అప్పటికే సంపాదించుకున్న హక్కును వెనక్కి వెళ్లి లాక్కోకూడదంది. కాబట్టి పరీక్షలో ప్రశ్న వచ్చినప్పుడు మూడు మెట్లలో జవాబు రాయవచ్చు. కొత్త చట్టం తీర్పును నేరుగా చెరిపేస్తోందా, లేక తీర్పు ఆధారాన్ని మారుస్తోందా? ఆ పని చేస్తున్నది చట్టసభా, లేక కేసులో పక్షంగా ఉన్న ప్రభుత్వమా? ఆధారం నిజంగానే మారినా, దానివల్ల ఎవరి ప్రాథమిక హక్కయినా పోతోందా?

చివరగా పుస్తకం తెరిచేవారికి ఒక జాగ్రత్త. కోర్టు కొట్టేసినంత మాత్రాన ఆ వాక్యాలు రాజ్యాంగ ప్రతిలోంచి మాయం కావు. 371-డి అయిదో క్లాజు ఇప్పటికీ అలాగే అచ్చవుతోంది, సాంబమూర్తి తీర్పుతో అది చెల్లకుండా పోయిందన్న విషయం పేజీ అడుగున సన్నని అక్షరాల్లో ఉంటుంది. అధికరణం చదివినప్పుడల్లా ఆ అడుగు సూచిక కూడా చదవండి.