అమ్మిన ఇంటి డబ్బు అమెరికా చేరాలంటే

విజయవాడలో నాన్న 1996లో కట్టించిన ఇల్లు. తల్లి ముందే పోయింది. 2021లో ఆయన వీలునామా రాయకుండా కన్నుమూశారు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, కూతురు డల్లాస్‌లో స్థిరపడింది. ఇద్దరూ కలిసి 2025 జూన్‌లో ఆ ఇంటిని కోటీ ఎనభై లక్షలకు అమ్మారు. కూతురి వాటా తొంభై లక్షలు. ఇది ఉదాహరణ కోసం అల్లుకున్న కుటుంబమే గానీ, ఇలాంటి ఇళ్లు మన ఊళ్లలో వీధికొకటి కనిపిస్తాయి. ఆ వాటా డల్లాస్‌లోని ఆమె ఖాతాకు చేరాలంటే ఇక్కడి బ్యాంకు మేనేజరుకు ఒక ఉత్తరం రాయాలి.

ఆ ఉత్తరం ఒక పేజీకి మించదు. చాలామంది దాన్ని లాంఛనం అనుకుని నాలుగు ముక్కలు రాసి పంపేస్తారు, ఆ తర్వాత నెలల తరబడి ‘ఇంకో కాగితం కావాలి’ అనే జవాబులు అందుకుంటారు. నిజానికి బ్యాంకు తెలుసుకోవాలనుకునేవి మూడే సంగతులు. ఈ డబ్బు మీకు ఎలా వచ్చింది? దాని మీద పన్ను కట్టారా? పరిమితి దాటలేదు కదా? ఉత్తరంలోని ప్రతి వాక్యం ఈ మూడింటిలో ఒకదానికి జవాబు కావాలి, ఆ జవాబు వెనుక ఒక కాగితం ఉండాలి.

పరిమితి సంగతి తేలిక. విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, భారత సంతతివారు వారసత్వ ఆస్తి అమ్మిన డబ్బుతో సహా తమ ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా రిజర్వు బ్యాంకు ప్రత్యేక అనుమతి లేకుండానే బయటికి పంపుకోవచ్చు. ఏడాది అంటే ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అన్ని బ్యాంకులూ కలిపే ఈ లెక్క. తొంభై లక్షల రూపాయలు ఆ గీతకు చాలా కిందే ఉంటాయి. అయినా ‘ఈ ఆర్థిక సంవత్సరంలో ఇంతవరకు ఏ బ్యాంకు ద్వారానూ ఏమీ పంపలేదు’ అని ఉత్తరంలో రాసి తీరాలి. పంపి ఉంటే ఎంత పంపారో చెప్పాలి.

పన్ను దగ్గరే అసలు చిక్కు. అమ్మేవాళ్లు దేశంలో ఉండేవాళ్లయితే, ఇంటి ధర యాభై లక్షలు లేదా అంతకు మించితే, కొనేవారు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటారు. ప్రవాసులైతే ఆ నియమం వర్తించదు. దీర్ఘకాల మూలధన లాభం మీద 12.5 శాతం, దానిపై సర్‌ఛార్జి, సెస్సు కలిపి కోయాలి. లాభం ఎంతో కొనేవారికి తెలియదు కాబట్టి మొత్తం ధర మీదే కోసేస్తారు. మన ఉదాహరణలో తొంభై లక్షల మీద 11.25 లక్షలు, పది శాతం సర్‌ఛార్జి, నాలుగు శాతం సెస్సు కలిపి మొత్తం 12.87 లక్షలు అవుతుంది.

ఆమె నిజంగా కట్టాల్సింది ఎంత? నాన్న ఆ ఇంటిని 2001కి ముందే కట్టించారు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువనే కొన్న ధరగా తీసుకోవచ్చు. ఆమె సగం వాటాకు అది ఆరు లక్షలనుకుందాం. లాభం 84 లక్షలు, దాని మీద పన్ను దాదాపు 12.01 లక్షలు. ఎక్కువగా కోసిన 86 వేలు రిటర్ను వేస్తే తిరిగొస్తాయి. లాభం తక్కువగా ఉన్న అమ్మకాల్లో ఈ తేడా లక్షల్లో ఉంటుంది. అలాంటప్పుడు అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ టీడీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిది.

ఆమె అన్నయ్యతో పాటు సంతకం పెట్టింది కదా అని కొనేవారు ఇద్దరికీ ఒక శాతమే కోస్తే, అప్పటికి చేతికి ఎక్కువ డబ్బు వచ్చినట్టే ఉంటుంది. బ్యాంకు దగ్గర మాత్రం బండి ఆగుతుంది. ఎందుకంటే విదేశానికి పంపే ముందు చార్టర్డ్ అకౌంటెంటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. పన్ను లెక్క సరిపోయిందని ధ్రువీకరించేది అదే. దాని ఆధారంగా ఆమె ఆదాయపు పన్ను పోర్టల్‌లో డిక్లరేషన్ ఫారం నింపుతుంది. కోత తక్కువైతే మిగిలిన పన్ను కట్టేదాకా సీఏ సంతకం పెట్టడు.

ఇక డబ్బు ఎలా వచ్చిందో చూపించాలి. నాన్న పేరున్న పాత దస్తావేజు, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇప్పటి అమ్మకం దస్తావేజు, ఖాతాలో పడిన రోజు స్టేట్‌మెంట్. ఈ అయిదూ ఒకదానికొకటి అతకాలి. మన వాళ్లకు తరచూ తెగేది పేరు దగ్గర. నాన్న దస్తావేజులో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. సర్టిఫికెట్‌లో ఆమె పేరు పుట్టింటి ఇంటిపేరుతో, పాస్‌పోర్టులో అత్తింటి పేరుతో ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్, పెళ్లి సర్టిఫికెట్ నకలు ముందే జతచేస్తే ఒక విడత ఉత్తరాలు తప్పుతాయి.

ఇంకో తెగే చోటు డబ్బు నడిచిన దారి. కొన్నవారు మొత్తం కోటీ ఎనభై లక్షలూ అన్నయ్య ఖాతాలో వేసి, ఆయన చెల్లెలికి పంపితే అది ఇంటి డబ్బా, అన్నయ్య ఇచ్చిందా అని బ్యాంకు అడుగుతుంది. ఆమె వాటా నేరుగా ఆమె ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోనే పడాలి. దస్తావేజులో రాయని డబ్బు, నగదుగా చేతులు మారిన డబ్బు ఏ ఉత్తరంతోనూ సముద్రం దాటదు.

వీటన్నిటి తర్వాత రాసే ఉత్తరం తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

‘మీ శాఖలో నాకు ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఉంది. మా నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన విజయవాడ ఇంటిలో నా సగం వాటా అమ్మగా, టీడీఎస్ పోను 77.13 లక్షల రూపాయలు ఈ ఖాతాలో జమయ్యాయి. అందులో 75 లక్షలను కింద తెలిపిన, నా పేరనే ఉన్న అమెరికా ఖాతాకు డాలర్లలో పంపగలరు. ఈ ఆర్థిక సంవత్సరంలో ఏ బ్యాంకు ద్వారానూ ఇంతవరకు ఏమీ పంపలేదు. ఇది అప్పు తెచ్చిన సొమ్ము గానీ, మరొకరి సొమ్ము గానీ కాదు. ఛార్జీలు నా ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచే తీసుకోగలరు.’

కింద అక్కడి బ్యాంకు పేరు, చిరునామా, ఖాతా నంబరు, స్విఫ్ట్ కోడ్. ఆపైన జతచేసిన కాగితాల జాబితా, వరస నంబర్లతో. ఫారం ఏ2 బ్యాంకే ఇస్తుంది. సంతకం బ్యాంకు రికార్డులో ఉన్నట్టే ఉండాలి. ‘నా పొదుపు డబ్బు పంపండి’ అని రాయకూడదు. కాగితాలు ఇంటి అమ్మకం అంటుంటే ఉత్తరం పొదుపు అంటే అక్కడే అనుమానం మొదలవుతుంది.

కాబట్టి ఈ ఉత్తరానికి పని ఇల్లు అమ్మకానికి పెట్టిన రోజే మొదలవుతుంది. పాత పొదుపు ఖాతా ఇంకా మామూలు ఖాతాగానే ఉంటే దాన్ని ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. పాన్ రికార్డులో ప్రవాస హోదా సరిచూసుకోవాలి. తాను ప్రవాసిని అని అమ్మకం ఒప్పందంలోనే రాయించాలి. అన్నీ సరిగా ఉన్నా బ్యాంకు కదలకపోతే ఏ కాగితం తక్కువైందో రాతపూర్వకంగా అడగాలి. ఫిర్యాదు ఇచ్చిన ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. డల్లాస్ నుంచైనా ఆ పని చేసుకోవచ్చు.