డిక్కీలో సిలిండర్, వెనక టైర్లలో గాలి

పెట్రోలు కారుకు సీఎన్‌జీ కిట్ బిగించాక చాలామంది మైలేజీ లెక్కలు వేసుకుంటారు, డిక్కీలో జాగా పోయిందని బాధపడతారు. గాలి దగ్గరికొస్తే మాత్రం పాత అలవాటే. బంకులో కుర్రాడు ఎంత పెట్టమంటారని అడుగుతాడు, నాలుగు టైర్లకూ ఒకటే అంకె చెబుతాం. కారు వెనక భాగం మోసే బరువు మారిందన్న సంగతి ఆ అంకెలో ఎక్కడా కనిపించదు.

ముందు బరువు సంగతి చూద్దాం. మన చిన్న కార్లలో ఎక్కువగా వాడే 60 లీటర్ల ఉక్కు సిలిండర్ ఖాళీగా ఉన్నప్పుడే దాదాపు 60 కిలోలు తూగుతుంది. దాన్ని బిగించే ఫ్రేము, వాల్వు, పైపులు కలిపి ఇంకో 10 కిలోలు. లోపల పట్టే గ్యాస్ 9, 10 కిలోలే. మొత్తం 80 కిలోలు అనుకోవచ్చు. అంటే బరువంతా ఉక్కుదే, గ్యాస్‌ది కాదు. గ్యాస్ అయిపోయి పెట్రోలు మీద నడుస్తున్నా వెనక టైర్లకు తగ్గే భారం పది కిలోలు దాటదు. సామాను ఊరు చేరాక దిగిపోతుంది, సిలిండర్ దిగదు. కిట్ బిగించిన రోజు నుంచి ఆ కారు ఎప్పుడూ ఖాళీ కారు కాదు.

ఈ 80 కిలోలను నాలుగు చక్రాలూ సమానంగా పంచుకుంటే తలా 20 కిలోలతో పోయేది. కానీ సిలిండర్ కూర్చునేది వెనక సీటు వెనకాల, దాదాపు వెనక ఇరుసు మీదే. అందుకే భారం దాదాపు మొత్తం వెనక రెండు టైర్లే మోస్తాయి. సిలిండర్ ఇరుసుకు కాస్త వెనక్కి ఉంటే ముందు చక్రాల మీద బరువు కొద్దిగా తగ్గుతుంది కూడా.

ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ తీసుకుందాం. కారు బరువు 830 కిలోలు. ఇంజను ముందుంది కాబట్టి ముందు ఇరుసు మీద 510, వెనక ఇరుసు మీద 320 అనుకుందాం. వెనక ఒక్కో టైరు మోసేది 160 కిలోలు. సిలిండర్ పెట్టాక అది 200 అవుతుంది, అంటే పాతిక శాతం పెరిగినట్టు. ఇక్కడ కంగారు పడాల్సిన పని లేదు. ముందు టైరు ఒక్కోటి 255 కిలోలు మోస్తూనే ఉంది కదా. డ్రైవరు ఒక్కరే తిరిగే కారులో, గాలి సరిగ్గా ఉంటే, 200 కిలోలు వెనక టైరుకు కష్టమేమీ కాదు. సీఎన్‌జీ అనగానే వెనక టైర్లలో 40 పీఎస్ఐ కొట్టించేవాళ్ళు ఈ లెక్క చూడాలి.

అసలు ఇబ్బంది కుటుంబమంతా ఎక్కినప్పుడు. వెనక సీట్లో ముగ్గురి బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది, ముందు కూర్చున్న ఇద్దరి బరువులో కూడా కొంత అక్కడికే చేరుతుంది. మన కారు లెక్కలో ఇవన్నీ కలిపి 210 కిలోలు అనుకుంటే వెనక ఇరుసు భారం 610కి వస్తుంది. సిలిండర్ పక్కన ఇరికించిన సంచులు, బియ్యం మూట కలిస్తే 640. అంటే ఒక్కో టైరుకు 320 కిలోలు. సిలిండర్ లేకపోతే ఇదే ప్రయాణంలో అది 280 అయ్యేది.

టైరు పక్కభాగం మీద సైజు తర్వాత రెండంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. అది ఆ టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే గుర్తు. 79 అని ఉంటే గరిష్ఠంగా 437 కిలోలు. 320కీ 437కీ మధ్య చాలా దూరం ఉందనిపిస్తుంది. కానీ ఆ 437 నిండుగా గాలి ఉన్నప్పటి మాట, సుమారు 36 పీఎస్ఐ దగ్గర. బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. గాలి 33కి తగ్గితే మోయగల శక్తి దాదాపు 405 కిలోలకు వస్తుంది, 25కి పడిపోతే 325 దగ్గరికి జారుతుంది. మన నిండు కారులో టైరు మోస్తున్నది 320. ఇంకేం మిగల్లేదు.

25 దాకా ఎవరు పడనిస్తారు అనుకోవద్దు. పంక్చర్ లేకపోయినా టైరు నెలకు ఒకటి రెండు పీఎస్ఐ వదులుతుంది. మూడు నాలుగు నెలలు గాలి చూడకపోతే 33 కాస్తా 27 దగ్గర ఉంటుంది. సిలిండర్ లేని కారు ఆ నిర్లక్ష్యాన్ని కొంతవరకు తట్టుకుంటుంది, ఎందుకంటే దాని వెనక టైర్లకు బోలెడు వెసులుబాటు ఉంది. సీఎన్‌జీ కారుకు ఆ వెసులుబాటును సిలిండర్ ముందే తినేసింది. నా దృష్టిలో కిట్ వల్ల వచ్చిన ముఖ్యమైన మార్పు ఇదే. ఎక్కువ గాలి కొట్టడం కంటే, ఉండాల్సిన గాలి తగ్గకుండా చూసుకోవడం ముఖ్యం.

మరి ఎంత ఉండాలి? డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద కంపెనీ స్టిక్కరు ఉంటుంది. చాలా కార్లలో దాని మీద రెండు వరుసలుంటాయి, తక్కువ మంది ఉన్నప్పటికి ఒకటి, నిండు బరువుకు ఒకటి. నిండు బరువు వరుసలో వెనక టైర్ల అంకె ముందువాటికంటే ఎక్కువగా ఉండడం మామూలే. బయట కిట్ బిగించిన కారులో ఇంటిల్లిపాదీ ప్రయాణిస్తుంటే వెనక టైర్లకు ఆ నిండు అంకె పెట్టించాలి. ఒకరిద్దరే తిరిగే రోజుల్లో మామూలు అంకె మీద ఒకటి రెండు పీఎస్ఐ ఎక్కువ చాలు. స్టిక్కరు మీద ఒకే అంకె ఉంటే, నిండు ప్రయాణానికి వెనక మాత్రం రెండు మూడు పెంచుకోవచ్చు. టైరు మీద రాసిన గరిష్ఠ ఒత్తిడిని మాత్రం దాటకూడదు. కిట్ కారణంగా ముందు టైర్లలో గాలి మార్చాల్సిన అవసరం లేదు. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన కారైతే ఈ లెక్కలేవీ వద్దు. ఆ బరువుకు తగ్గట్టు స్ప్రింగులూ గాలి అంకెలూ వాళ్ళే నిర్ణయించి ఉంటారు, ఆ కారు స్టిక్కరు ఏం చెబితే అదే.

కొందరు మెకానిక్కులు వెనక కిందికి దిగిపోయిందని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు ఇరికిస్తారు. కారు పైకి లేచి కనిపిస్తుంది, గుంతల్లో తగలడం తగ్గుతుంది. టైరు మీద బరువు మాత్రం ఒక్క కిలో కూడా తగ్గదు. బఫర్లు పెట్టించాం కదా అని గాలి సంగతి వదిలేయడం తప్పు.

ఈ అంకెలన్నీ చల్లని టైరువి. కారు రాత్రంతా నిలిచి ఉండాలి, లేదా కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నం విజయవాడ బైపాస్ మీద పది పదిహేను కిలోమీటర్లు నడిచి గ్యాస్ బంకు చేరిన టైరులో ఒత్తిడి నాలుగైదు పీఎస్ఐ పెరిగి ఉంటుంది. అక్కడ మీటరు 33 చూపిస్తే, తెల్లవారేసరికి అది 28, 29 మాత్రమే. అలాగే వేడి టైరు 37 చూపించిందని గాలి వదిలేయకూడదు, అది చల్లారాక 33 అవుతుంది. ఇంట్లో ఒక చిన్న గేజ్ ఉంచుకుని, పొద్దున్నే కారు తీయకముందు నెలకు రెండుసార్లు చూసుకోవడం అన్నిటికంటే తేలిక. వేడి మీదే నింపక తప్పకపోతే, కావలసిన అంకె మీద నాలుగు ఎక్కువ పెట్టించి మర్నాడు పొద్దున సరిచూసుకోవాలి.

పెట్టిన గాలి సరైనదో కాదో టైరే చెబుతుంది. ఇంజను ముందు చక్రాలను తిప్పే కార్లలో ముందు టైర్లే త్వరగా అరుగుతాయి. లాగేదీ, తిరిగేదీ, బ్రేకు భారంలో ఎక్కువ మోసేదీ అవే. అందుకే ఎవరి చూపూ వెనక టైర్ల మీద పడదు. పడినా బయటి అంచే కనిపిస్తుంది, లోపలి అంచు కనిపించదు. గాడి లోతు కొలిచే చిన్న గేజ్ తక్కువ ధరకే దొరుకుతుంది. దాంతో ఒక్కో వెనక టైరును మూడు చోట్ల కొలవాలి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. కొత్త టైరు గాడి 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం ప్రకారం 1.6కి తగ్గితే టైరు మార్చాల్సిందే.

లోపల 4, మధ్యలో 5.5, బయట 4 వచ్చిందనుకోండి. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలిందంటే టైరు చాలాకాలంగా తక్కువ గాలితో బరువు మోసింది. తడిసిన పరుపు మధ్యలో కుంగినట్టు ట్రెడ్ మధ్యభాగం లోపలికి ఒరిగి, భారమంతా అంచుల మీదికి పోయింది. సీఎన్‌జీ కార్ల వెనక టైర్లలో ముందుగా వెతకాల్సిన గుర్తు ఇదే. దీనికి విరుగుడు, పైన చెప్పినట్టు గాలి పెంచి నిలబెట్టడం.

అదే 4.5, 3.5, 4.5 వస్తే గాలి ఎక్కువైంది. సిలిండర్ ఉందన్న భయంతో 40 పెట్టించి, రోజూ ఒక్కరే ఆఫీసుకు వెళ్ళే కార్లలో ఇది కనిపిస్తుంది. వానలో గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలకు పట్టు కూడా తగ్గుతుంది.

రెండు వెనక టైర్లలోనూ లోపలి అంచు మాత్రమే అరిగి, లోపల 3, మధ్యలో 4.5, బయట 5 వచ్చిందంటే గాలితో సరిపోదు. బరువుకు వెనక భాగం కుంగి చక్రాల వంపు మారి ఉండవచ్చు, ఇరుసు భాగం వంగి ఉండవచ్చు. వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్ళినప్పుడు సిలిండర్‌ను అలాగే ఉంచి వెనక చక్రాల కొలతలు కూడా తీయించాలి. చాలా షాపుల్లో ముందు చక్రాలు చూసి సరిపెడతారు. చిన్న కార్లలో వెనక కోణాలు సరిదిద్దే ఏర్పాటు సాధారణంగా ఉండదు. అయినా కొలత తేడా చూపిస్తే తప్పు గాలిదా, ఇరుసుదా అన్నది తేలుతుంది. అరుగుదల ఒక టైరులోనే ఉంటే సిలిండర్ ఒక పక్కకు జరిగి బిగించారేమో చూడాలి. ట్రెడ్ మీద చెయ్యి పెట్టి చుట్టూ నిమిరినప్పుడు ఎత్తుపల్లాలు తగిలితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడి ఉండవచ్చు. అదనపు బరువు వాటిని కూడా త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్పిస్తే అరుగుదల సర్దుకుంటుంది. ఇక్కడే ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. టైరు చోటు మారుతుంది గానీ గాలి దాంతోపాటే వెళ్ళిపోతుంది. వెనక 36 ఉన్న టైరు ముందుకొచ్చి 36తోనే ఉంటుంది, ముందునుంచి వచ్చిన 33 టైరు సిలిండర్ కింద కూర్చుంటుంది. మార్చిన వెంటనే గాలి కూడా చోటును బట్టి మార్పించాలి. టైర్లు మార్చేవారికి ఈ మాట మనమే చెప్పాలి.

స్టెప్నీని కూడా మర్చిపోవద్దు. చాలా కిట్లలో సిలిండర్ దాని మీదే కూర్చుంటుంది. తీయడం కష్టమని ఏళ్ళ తరబడి దాని గాలి ఎవరూ చూడరు. కిట్ బిగించేవారిని అడిగి స్టెప్నీని నిలబెట్టే స్టాండు పెట్టించుకోవడం, లేదా వాల్వు చేతికందేలా దాన్ని తిప్పించుకోవడం మంచిది. అందులో ఎప్పుడూ వెనక టైరుకు కావలసిన నిండు అంకె ఉంచాలి. ముందు చక్రానికి బిగించాల్సివస్తే కాస్త గాలి వదలడం తేలిక, రోడ్డు పక్కన గాలి నింపడం కష్టం.