గర్భసంచి లేని బిడ్డకు తల్లి ఏమివ్వగలదు?

2004 జనవరిలో గుజరాత్‌లోని ఆనంద్‌లో నలభై దాటిన ఒక మహిళ కవలలను కన్నది. ఆ పిల్లలకు ఆమె అమ్మమ్మ. బ్రిటన్‌లో ఉంటున్న ఆమె కూతురికి పుట్టుకతోనే గర్భసంచి లేదు. కూతురి అండాలు, అల్లుడి వీర్యకణాలతో తయారైన పిండాలను డాక్టర్ నయనా పటేల్ ఆ తల్లి గర్భంలో పెట్టారు.

గర్భసంచే లేని అమ్మాయికి అండాలు ఎక్కడివి? తల్లి కడుపులో ఆడపిండం పెరిగేటప్పుడు ముల్లేరియన్ నాళాలనే రెండు గొట్టాలు కలిసి గర్భసంచి, యోని పైభాగం అవుతాయి. అండాశయాలు వేరే కణజాలం నుంచి వస్తాయి. అందువల్ల ఆ గొట్టాల ఎదుగుదల ఆగిపోయినా అండాశయాలకు లోటుండదు. ఈ స్థితిని వైద్యులు ఎంఆర్‌కేహెచ్ సిండ్రోమ్ అంటారు. సుమారు 5,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది.

హార్మోన్లు మామూలుగానే ఊరతాయి కాబట్టి పిల్ల అందరిలాగే ఎదుగుతుంది. రొమ్ములు వస్తాయి, ఎత్తు పెరుగుతుంది, పెద్దమనిషి మాత్రం కాదు. పదిహేనేళ్లు నిండినా, రొమ్ములు ఎదగడం మొదలై మూడేళ్లు గడిచినా నెలసరి రాకపోతే స్త్రీల వైద్యురాలికి చూపించాలి. కారణం తేల్చకుండా నెలసరి తెప్పించే మాత్రలు వాడితే ఏళ్లు వృథా అవుతాయి. రక్తస్రావం జరగాల్సిన సంచే లేనప్పుడు ఏ మాత్రా పనిచేయదు.

మొదట పొట్టమీద నుంచి స్కానింగ్ చేస్తారు. అక్కడున్న చిన్న కండర ముడిని కొన్నిసార్లు ‘చిన్న గర్భసంచి’ అని రాసేస్తారు. ఎంఆర్ఐ తీస్తే సంగతి తేలుతుంది. పోల్చి చూడాల్సినవి ముఖ్యంగా రెండు. నెలనెలా కడుపునొప్పి వస్తుంటే, యోనిద్వారం పొర మూసుకుపోయి రక్తం లోపల నిలిచిపోయిందేమో చూడాలి. అది చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది. టెస్టోస్టిరాన్ మగవారి స్థాయిలో ఉండి, క్రోమోజోములు ఎక్స్‌వై అయితే అది వేరే జబ్బు, దాని వైద్యం వేరు. ఎంఆర్‌కేహెచ్ అని తేలితే మూత్రపిండాలనూ వెన్నెముకనూ తప్పక పరీక్షించాలి. కొందరికి ఒకటే మూత్రపిండం ఉంటుంది.

యోని పొట్టిగా ఉంటుంది. డైలేటర్లనే నున్నటి గొట్టాలతో రోజూ మెల్లగా ఒత్తిడి పెడుతూ కొన్ని నెలల్లో దాన్ని పెంచుకోవచ్చు. ఎక్కువమందికి ఆపరేషన్ అవసరమే రాదు. అయితే ఇది అమ్మాయి తనంతట తాను సిద్ధపడ్డాక మొదలుపెట్టాల్సిన వైద్యం. పెళ్లి తొందరలో పెద్దలు నిర్ణయించేది కాదు.

ఇక బిడ్డ సంగతి. ఆనంద్‌లో ఆ తల్లి చేసిన పని నేడు చట్టం ఒప్పదు. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన సరోగసీ చట్టం ప్రకారం బిడ్డను మోసే స్త్రీకి 25 నుంచి 35 ఏళ్లుండాలి, పెళ్లై సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి. వైద్యఖర్చులు, బీమా తప్ప డబ్బు తీసుకోకూడదు. గర్భసంచి లేకపోవడాన్ని చట్టం సరోగసీకి తగిన కారణంగా గుర్తిస్తుంది. కానీ పదిహేనేళ్లు దాటిన పిల్లల తల్లులు చాలామంది 35 దాటేసి ఉంటారు. వదినో, అక్కో, ఒప్పుకున్న మరో స్త్రీయో ముందుకు రావాలి.

గర్భసంచి దానానికి మాత్రం తల్లి ముందుకు రావచ్చు. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మాట్స్ బ్రెన్‌స్ట్రోమ్ బృందం, ఎంఆర్‌కేహెచ్ ఉన్న 35 ఏళ్ల మహిళకు 61 ఏళ్ల దాత గర్భసంచిని అమర్చింది. నెలసరి ఆగిన వయసులో ఉన్న సంచి అయినా, కొత్త శరీరంలోని హార్మోన్లు అందగానే పనిచేసింది. 43 రోజులకు ఆమెకు జీవితంలో మొదటి నెలసరి వచ్చింది. ముందే శీతలీకరించి దాచిన పిండాల్లో ఒకదాన్ని ఏడాది తర్వాత లోపల పెడితే గర్భం నిలిచింది. శరీరం ఆ సంచిని మూడుసార్లు తిరస్కరించబోయింది, మందులతో అదుపు చేశారు. రక్తపోటు పెరగడంతో 32 వారాలు నిండకముందే 2014లో సిజేరియన్ చేశారు. బాబు 1,775 గ్రాములతో పుట్టాడు.

భారత్‌లో ఇలాంటి తొలి కాన్పు 2018 అక్టోబరులో పుణెలోని గెలాక్సీ కేర్ ఆసుపత్రిలో జరిగింది. శైలేశ్ పుణ్‌తాంబేకర్ బృందం గుజరాత్‌కు చెందిన మహిళకు ఆమె తల్లి గర్భసంచినే అమర్చింది. ఆమెది పుట్టుకతో వచ్చిన లోపం కాదు, పాడైన సంచి. అయినా పద్ధతి ఒకటే.

దీని మూల్యం చిన్నది కాదు. దాతకు గంటల తరబడి ఆపరేషన్ తప్పదు. సన్నటి రక్తనాళాలను కలిపిన చోట గడ్డకడితే కొత్త సంచి కొద్దిరోజుల్లోనే పాడై తీసేయాల్సి వస్తుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో అంటురోగాలు, మూత్రపిండాలకు చేటు. ఒక్క మూత్రపిండమే ఉన్న స్త్రీకి ఆ ప్రమాదం మరింత బరువు. అందుకే ఒకటి రెండు కాన్పులయ్యాక సంచిని తీసేసి మందులు ఆపుతారు.

ఈ రెండు దారుల్లో ఏది ఎంచుకోవాలో పదిహేనేళ్ల పిల్ల ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ప్రస్తుతానికి ఆమెకు కావాల్సింది సరైన రోగనిర్ధారణ, మూత్రపిండాల స్కానింగ్ రిపోర్టు, తన అండాశయాలు బాగున్నాయని సూటిగా చెప్పే పెద్దలు.