ఫోన్ ఆపితే మనసులు కలుస్తాయా?

బిడ్డా, నీ వ్యాసం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. సోషల్ మీడియా ఎకో చాంబర్లే జనాన్ని రాజకీయంగా చీలుస్తున్నాయని రాశావు. అందులో రెండు సంగతులు కలిసిపోయాయి. జనం ఫోన్‌లో తమవాళ్ల మాటే వింటున్నారన్నది ఒకటి. అలా వినడంవల్లే అవతలివాళ్ల మీద మనసు విరుగుతోందన్నది ఇంకొకటి. మొదటిది రుజువైనంత మాత్రాన రెండోది రుజువైనట్టు కాదు.

మన ఆదిలాబాద్ సంగతే చూడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి నెట్ చవకైంది. 2017 డిసెంబరులో ఉట్నూరు వైపు ఆదివాసీలకూ లంబాడాలకూ మధ్య గొడవలు భగ్గుమన్నాయి. వదంతులు పాకుతున్నాయని ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేసింది. ఏడాది ముందు ఫోన్ వచ్చింది, ఏడాది తర్వాత గొడవ వచ్చింది, కాబట్టి ఫోనే కారణమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఆ తగాదా 1976 నాటిది. ఆ ఏడు చట్టసవరణతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో బంజారాలకు ఆ హోదా లేదు. అక్కడివాళ్లు ఇటు వచ్చి తమ భూములు, ఉద్యోగాలు, సీట్లు తీసుకుంటున్నారని గోండులు, కొలాములు అంటారు. రాజ్యాంగం ఇచ్చిన హక్కునే తాము వాడుకుంటున్నామని లంబాడాలు అంటారు. వాట్సాప్ పుట్టింది 2009లో. అప్పటికే ఈ వాదనకు ముప్పై ఏళ్లు దాటాయి.

నెట్ ఆపాక గొడవ సద్దుమణిగింది కదా, అదే సాక్ష్యం కాదా అంటావేమో. అదే రోజుల్లో పోలీసు బలగాలు దిగాయి, 144 సెక్షన్ పెట్టారు. జ్వరానికి మూడు మందులు ఒకేసారి మింగితే ఏది పనిచేసిందో ఎలా చెప్తాం? పైగా సద్దుమణిగింది వీధి. మనసులు ఏమయ్యాయో ఎవరూ కొలవలేదు. వదంతి జనాన్ని ఒకచోటికి తొందరగా పోగుచేయగలదు. అంతమాత్రాన లేని ద్వేషాన్ని అదే పుట్టించిందనడానికి లేదు. నీ వ్యాసంలో ఈ రెండింటినీ వేరు చెయ్యి.

అయితే మనసును కొలిచిన పరీక్షలు లేకపోలేదు. 2020 అమెరికా ఎన్నికల వేళ ఇరవై మూడు వేలమందికి పైగా ఫేస్‌బుక్ వాడేవాళ్లమీద ఒక ప్రయోగం చేశారు. చిట్టీ వేసినట్టు కొందరిని ఎంచి, వాళ్లకు తమ పక్షం వాళ్లనుంచి వచ్చే పోస్టులను మూడో వంతు దాకా తగ్గించారు. మిగతావాళ్లను ముట్టుకోలేదు. మూడు నెలల తర్వాత చూస్తే అభిప్రాయాల్లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదు. అంతకుముందు 2018లో ఇంకో బృందం కొందరిచేత నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానిపించింది. అక్కడ రాజకీయ విషయాల మీద అభిప్రాయాల దూరం కొంత తగ్గింది. దాంతోపాటు వాళ్లకు వార్తల మీద ఎరుక కూడా తగ్గింది.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది బోస్నియాలో జరిగిన పరీక్ష. 1995లో స్రెబ్రెనిత్సాలో ఎనిమిది వేలమందిని చంపేశారు. ఏటా జులైలో వాళ్లను తలుచుకునే రోజు వస్తుంది. 2019లో ఆ రోజుల్లో కొందరిచేత ఫేస్‌బుక్ ఆపించారు. వాళ్లకు అవతలి జాతిమీద కోపం తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు, వాళ్ల అభిప్రాయం ఇంకా చెడింది. చుట్టూ తమ జాతివాళ్లే ఉన్నచోట అది మరీ కనబడింది. కారణం ఆలోచించు. ఫోన్ పక్కన పెట్టిన మనిషి శూన్యంలోకి పోడు, తన వాడలోకి పోతాడు. వాడలో అందరూ తనవాళ్లే అయితే, అవతలివాళ్ల గొంతు కాస్తో కూస్తో వినబడింది ఫోన్‌లోనే.

ఇప్పుడు ఉట్నూరుకు రా. గోండుల గూడెం వేరు, లంబాడాల తండా వేరు. ఇద్దరూ కలిసేది అంగట్లో, బస్సులో, బడిలో. ఇక్కడ నెట్ ఆపితే ఏ మాట మిగులుతుంది? బోస్నియా ఫలితమే ఇక్కడా వస్తుందని నేననను. అక్కడ పరీక్షించింది ఫేస్‌బుక్‌ను, ఇక్కడ నడిచేది ఎక్కువగా వాట్సాప్ గ్రూపులు. వాటిలోని మాట బయటివాళ్లకు కనబడదు, ఆ గ్రూపులు చాలావరకు కులంవాళ్లో బంధువులో పార్టీవాళ్లో కలిసి పెట్టుకున్నవే. పైగా ఆ పరీక్షలన్నీ వారాలు, నెలలవి. పదేళ్లు వింటే ఏమవుతుందో అవి చెప్పవు.

మరి ఇక్కడ ఎలా తేల్చాలి? సిగ్నల్ ఉన్న గూడేన్నీ లేని గూడేన్నీ పోల్చితే చాలదు. టవర్ మొదట రోడ్డు పక్కనున్న ఊరికి వస్తుంది, ఆ ఊరికే అంగడీ ముందు వస్తుంది, కొత్త మనుషులూ ముందు వస్తారు. తేడా టవర్‌దో రోడ్డుదో తెలియదు. అందుకని టవర్ రాకముందే రెండుచోట్లా ఒకే ప్రశ్నలు అడగాలి. అవతలివాళ్ల పిల్లవాడు మీ పిల్లవాడితో ఒకే హాస్టల్ గదిలో ఉంటే ఒప్పుకుంటారా, అవతలివాళ్లు సర్పంచ్ అయితే పని చెప్పుకోవడానికి పోతారా, ఇలాంటివి. టవర్ వచ్చాక మళ్లీ అవే అడిగి, ఏ ఊరు ఎంత మారిందో పోల్చాలి. నువ్వు శాతవాహన యూనివర్సిటీలో చదువుతున్నావు, ఉట్నూరుకు పోయి రాగలవు. ప్రశ్నలు గోండిలో, లంబాడీలో అడగగలిగే ఇద్దరిని ముందు వెతుక్కో.