తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి పుడతాయి?

అకౌంట్స్ పరీక్షలో నిష్పత్తుల ప్రశ్న కనబడగానే చాలామంది విద్యార్థులకు ప్రాణం కుదుటపడుతుంది. పైన ఒక అంకె, కింద ఒక అంకె, భాగిస్తే సరిపోతుందనుకుంటారు. మార్కులు ఎక్కువగా పోయేది కూడా అక్కడే. సీబీఎస్ఈ పన్నెండో తరగతి, బీకాం, సీఏ ఇంటర్, బ్యాంకు ప్రమోషన్ పరీక్ష, ఏదైనా సరే, పేపరు తయారుచేసేవారు తప్పు ఆప్షన్లను గాలిలోంచి తీసుకోరు. విద్యార్థి ఏ పొరపాటు చేస్తే ఏ అంకె వస్తుందో ముందే లెక్కగట్టి, ఆ అంకెలనే పక్కపక్కన పెడతారు. తప్పు చేసినవాడికి తన జవాబు కళ్లెదుటే కనిపిస్తుంది, నిశ్చింతగా టిక్కు పెట్టేస్తాడు. అందుకే ఈ నిష్పత్తులు బాగా తెలియాలంటే సరైన జవాబుతో పాటు పక్కనున్న మూడు తప్పులు ఎలా వచ్చాయో కూడా విప్పి చూడాలి.

ఒక రైస్ మిల్లు కంపెనీని ఊహించుకుందాం. అంకెలన్నీ లక్షల రూపాయల్లో. వాటా మూలధనం 300, సెక్యూరిటీస్ ప్రీమియం 240, వెనకటి నష్టాల తాలూకు డెబిట్ నిల్వ 40. 10 శాతం వడ్డీకి తెచ్చిన దీర్ఘకాలిక అప్పు 800. సరుకు ఇచ్చినవారికి, ఇతరులకు త్వరలో చెల్లించాల్సిన బాకీలు 300. ఏడాది అమ్మకాలు 2,400, అమ్మిన సరుకుకైన ఖర్చు 1,920. ఏడాది మొదట్లో సరుకు నిల్వ 280, చివర్లో 360. పన్ను రేటు 25 శాతం, పన్ను పోగా మిగిలిన లాభం 180.

మొదటి ప్రశ్న డెట్-ఈక్విటీ నిష్పత్తి. బయటివారి దీర్ఘకాలిక అప్పును యజమానుల సొమ్ముతో భాగించాలి. అప్పు 800 దగ్గర తేడా రాదు. తడబాటంతా యజమానుల సొమ్ము దగ్గరే. వాటా మూలధనం ఒక్కటే తీసుకుంటే 2.67 వస్తుంది. ప్రీమియం కలిపి, నష్టాల నిల్వను తీసివేయడం మరిచిపోతే 1.48. ఆ 40 లక్షలు ఎప్పుడో హరించుకుపోయిన సొమ్ము, దాన్ని తీసేశాక మిగిలేది 500. కాబట్టి 800ను 500తో భాగిస్తే వచ్చే 1.6 సరైన జవాబు. ఇక స్వల్పకాలిక బాకీలను కూడా అప్పులో కలిపేసినవాడికి 2.2 వస్తుంది. నాలుగో ఆప్షన్ అదే.

పాఠ్యపుస్తకాల్లో 2 దాకా ఫర్వాలేదన్న కొలమానం ఉంది కాబట్టి 1.6 అనగానే 'సురక్షితం' అని రాసేస్తారు. ఇది పనికొచ్చే గీతే కానీ అన్ని వ్యాపారాలకూ ఒకేలా పనిచేయదు. ఏళ్లతరబడి నిలకడగా ఆదాయం వచ్చే విద్యుత్ కంపెనీ మోయగలిగిన అప్పును, పంట ధర మీద ఆధారపడే మిల్లు మోయలేదు. పరీక్షలో ఇంకో రకం ప్రశ్న కూడా వస్తుంది, నాకు ఇష్టమైనది అదే: కింది లావాదేవీల్లో ఏది ఈ నిష్పత్తిని తగ్గిస్తుంది? బోనస్ షేర్లు ఇస్తే తగ్గుతుందని చాలామంది రాస్తారు. బోనస్‌లో ప్రీమియం ఖాతాలోని సొమ్ము మూలధనం ఖాతాలోకి మారుతుందంతే, మొత్తం 500 అలాగే ఉంటుంది. 80 లక్షల సరుకును 100 లక్షలకు రొక్కానికి అమ్మితే మాత్రం నిష్పత్తి తగ్గుతుంది. 20 లక్షల లాభం యజమానుల సొమ్ములో చేరి 520 అవుతుంది, నిష్పత్తి 1.54కు దిగుతుంది. అప్పు ఒక్క రూపాయి కూడా తీర్చలేదు కదా అని ఈ ఆప్షన్‌ను వదిలేస్తుంటారు.

రెండో ప్రశ్న వడ్డీ కవరేజీ. వడ్డీ 800 మీద 10 శాతం, అంటే 80. ఆ 80 కట్టడానికి కంపెనీ ఎంత సంపాదించిందన్నదే ప్రశ్న. వడ్డీ కట్టాకే పన్ను లెక్కిస్తారు కాబట్టి వడ్డీకి అందుబాటులో ఉండే సొమ్ము వడ్డీ, పన్ను రెండూ తీయకముందు ఉన్న లాభం. ఇచ్చిందేమో పన్ను పోయాక మిగిలిన 180. కాబట్టి వెనక్కి నడవాలి. 25 శాతం పన్ను పోగా 180 మిగిలిందంటే పన్నుకు ముందు 240. దానికి 80 వడ్డీ కలిపితే 320. అంటే 4 రెట్లు.

180నే నేరుగా 80తో భాగిస్తే 2.25. వడ్డీ కలపడం మరిచిపోతే 3. పన్ను కలపకుండా 180కి వడ్డీ ఒక్కటే కలిపితే 3.25. ఈ చివరిది బాగా చదివిన పిల్లలు కూడా చేసే తప్పు. వెనక్కి నడవాలని వారికి తెలుసు, ఒక మెట్టు దాటేస్తారంతే. మరో తప్పు 180 మీద 25 శాతం లెక్కగట్టి 45 కలపడం. పన్ను 240 మీద పడింది, 180 మీద కాదు. 180ని 0.75తో భాగిస్తేనే 240 వస్తుంది.

4 రెట్లు అంటే వడ్డీకి ముందు లాభం 75 శాతం పడిపోయినా ఆ ఏడాది వడ్డీకి సరిపోతుందని అర్థం. అయితే ఈ నిష్పత్తికి అసలు వాయిదా కనబడదు. మిల్లు ఏడాదికి 160 లక్షల అసలు కూడా కట్టాల్సి ఉంటే బ్యాంకు మేనేజరు 4 చూసి తృప్తిపడరు, అసలూ వడ్డీ కలిపి 240కి ఏముందని అడుగుతారు. లాభం కాగితం మీద ఉండి, చేతికి డబ్బు రాకపోయినా ఈ నిష్పత్తి అందంగానే కనబడుతుంది.

మూడోది సరుకు నిల్వల టర్నోవర్, అంటే ఏడాదిలో సరుకు ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్క. అమ్మిన సరుకు ఖర్చును సగటు నిల్వతో భాగించాలి. 280, 360ల సగటు 320. 1,920ని 320తో భాగిస్తే 6 సార్లు. 365 రోజుల్ని 6తో భాగిస్తే సరుకు సుమారు 61 రోజులు గోదాములో ఉందన్నమాట. అమ్మకాల్ని తీసుకుంటే 7.5 వస్తుంది. కానీ అమ్మకాల్లో లాభం కలిసి ఉంటుంది, గోదాములోని సరుకేమో కొన్న ఖరీదులో ఉంటుంది. రెండు వేర్వేరు ధరల్ని భాగించి వచ్చిన అంకెకు అర్థం ఉండదు. సగటు వదిలేసి ముగింపు నిల్వ ఒక్కటే వాడితే 5.33, రెండు తప్పులూ కలిపి చేస్తే 6.67.

పరీక్షకు 6 చాలు. మిల్లు గేటు లోపలికి వెళితే మాత్రం ఆ 6 అంత నమ్మదగ్గది కాదు. ఖాతాలు మార్చి 31న మూస్తారు. అప్పటికి వానాకాలం ధాన్యం చాలావరకు ఆడేసి ఉంటారు, యాసంగి పంట ఇంకా పూర్తిగా కల్లాల్లోంచి రాదు. అంటే మొదటి నిల్వ, చివరి నిల్వ రెండూ గోదాము కాస్త ఖాళీగా ఉన్న రోజునే కొలిచినవి. డిసెంబరు, జనవరిల్లో పేరుకున్న బస్తాలు ఈ సగటులో లేనే లేవు. నెలనెలా నిల్వ తీసి సగటు కట్టినప్పుడు 640 వచ్చిందనుకోండి, టర్నోవర్ 3కు పడిపోతుంది, 61 రోజులు కాస్తా 122 రోజులవుతాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ప్రభుత్వం కొని, బియ్యం ఆడించి ఇవ్వమని మిల్లులకు పంపే ధాన్యం మిల్లు సొంత సరుకు కాదు. ఆవరణ నిండా ఆ బస్తాలే ఉన్నా పుస్తకాల్లో నిల్వగా చూపకూడదు. పొరపాటున కలిపితే నిష్పత్తి దారుణంగా పడిపోతుంది.

ఈ మూడు నిష్పత్తుల అసలు పస వాటిని వేరువేరుగా కాకుండా రెండో ఏడాదిలో పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. మన మిల్లుకే మరుసటి ఏడాది ఇద్దాం. అమ్మకాలు, ఖర్చులు, వడ్డీకి ముందు లాభం 320, ఏవీ మారలేదు. దీర్ఘకాలిక అప్పు కూడా 800 దగ్గరే ఉంది. ముగింపు నిల్వ మాత్రం 360 నుంచి 600కు పెరిగింది. సగటు 480, టర్నోవర్ 4. సరుకులో అదనంగా ఇరుక్కున్న 240 లక్షల కోసం మిల్లు బ్యాంకు నుంచి 200 లక్షల క్యాష్ క్రెడిట్ వాడుకుంది. దానికీ 10 శాతం చొప్పున ఏడాది పొడవునా వడ్డీ పడితే మొత్తం వడ్డీ 100, కవరేజీ 3.2. పన్నుకు ముందు లాభం 220, పన్ను పోగా 165. అందులోంచి వెనకటి 40 నష్టం పూడ్చి, 115 డివిడెండ్ ఇచ్చారు, 10 మిగిలింది. యజమానుల సొమ్ము ఇప్పుడు 550.

డెట్-ఈక్విటీ లెక్కేయండి. పాఠ్యపుస్తకం చెప్పినట్టు దీర్ఘకాలిక అప్పు 800 మాత్రమే తీసుకుంటే 1.45. పోయిన ఏడాది 1.6 కదా, మిల్లు పరిస్థితి మెరుగైందని రాసేయొచ్చు. క్యాష్ క్రెడిట్ కూడా బ్యాంకు అప్పే కదా అని కలిపితే 1,000ని 550తో భాగించి 1.82 అవుతుంది. ఒకే మిల్లు, ఒకే ఏడాది, ఒక నిర్వచనంలో కోలుకుంది, ఇంకో నిర్వచనంలో దిగజారింది. పరీక్షలో ప్రశ్న ఏ నిర్వచనం ఇస్తే దాన్నే పాటించాలి. వ్యాఖ్యానం రాయమంటే మాత్రం మిగతా రెండింటినీ సాక్ష్యానికి పిలవాలి. టర్నోవర్ 6 నుంచి 4కు, కవరేజీ 4 నుంచి 3.2కు జారాయి. సరుకు కదలడం మందగించింది, దాన్ని పట్టుకు కూర్చోవడానికి అప్పు తెచ్చారు, ఆ అప్పు వడ్డీ లాభాన్ని కొరికింది. ఈ వరుస చూసినవారెవరూ 1.45ని చూసి 'మెరుగు' అని రాయరు.

చట్టం కూడా ఈ చూపునే కొంత మేర అడుగుతోంది. కంపెనీల చట్టం మూడో షెడ్యూలుకు 2021 మార్చిలో చేసిన సవరణ ప్రకారం కంపెనీలు తమ ఖాతాల నోట్స్‌లో కొన్ని నిష్పత్తుల్ని చూపాలి, పోయిన ఏడాదితో పోలిస్తే ఏదైనా 25 శాతానికి మించి మారితే కారణం రాయాలి. డెట్-ఈక్విటీ, నిల్వల టర్నోవర్ ఆ జాబితాలో ఉన్నాయి. వడ్డీ కవరేజీ లేదు, దాని బదులు అసలూ వడ్డీ కలిపి చూసే నిష్పత్తి ఉంది. మన మిల్లులో డెట్-ఈక్విటీని ఎలా లెక్కించినా మార్పు 25 శాతం లోపే, సంజాయిషీ అక్కర్లేదు. టర్నోవర్ మాత్రం 33 శాతం పడింది, కారణం రాసి తీరాలి.

ఆ కారణం ఏమిటన్నది నిష్పత్తి చెప్పలేదు. తడిసి, రంగు మారి, అడిగే నాథుడు లేక మిగిలిపోయిన బియ్యమైతే ఆ 600 లక్షల విలువే అనుమానాస్పదం, దాన్ని అమ్ముడుపోయే ధరకు తగ్గించి చూపాల్సి వస్తుంది. కానీ మన వంటిళ్లలో కొత్త బియ్యం కన్నా పాత సన్నబియ్యానికే గిరాకీ, ధర కూడా ఎక్కువే. మిల్లు యజమాని కావాలనే ఆరు నెలలు మగ్గబెట్టి ఉంటే అదే 4 ఒక వ్యాపార నిర్ణయం. తేల్చుకోవాలంటే నిల్వ రిజిస్టరులో ఏ రకం ఎన్నాళ్లుగా ఉందో చూడాలి, ఏప్రిల్ తర్వాత ఆ బస్తాలు ఏ ధరకు బయటికి వెళ్లాయో బిల్లులు తిరగేయాలి. ఆ ధర కొన్న ఖరీదుకు తోడు అన్నాళ్లు మోసిన వడ్డీని కూడా రాబట్టిందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.