ఐదు స్టార్లు సరే, మిక్సీ సంగతి చెప్పండి

ఆన్‌లైన్‌లో మిక్సీ కొనే ముందు మనలో చాలామంది చేసే పని, కింద రాసిన రివ్యూలు చదవడం. అక్కడ కనిపించేవి ఎక్కువగా రెండు రకాలు. ఒకటి: ‘సూపర్ మిక్సీ, పైసా వసూల్, డెలివరీ కూడా ఒక్కరోజులో వచ్చింది’ అంటూ ఐదు స్టార్లు. రెండోది: ‘చెత్త మిక్సీ, డబ్బులు దండగ, ఎవరూ కొనకండి’ అంటూ ఒక్క స్టారు. రెండూ చదివాక కూడా ఈ మిక్సీలో ఇడ్లీ పిండి మెత్తగా పడుతుందా, ఏడాది తర్వాత జారు కారుతుందా అన్నది తెలియదు. కొనేవాళ్ళకు కావలసింది ఆ సంగతులే.

మొదటి రోజు రాసే రివ్యూతో ఒక చిక్కుంది. కొత్త మిక్సీని మొదటి రెండు మూడు సార్లు తిప్పినప్పుడు కాలిన వాసన లాంటిది రావచ్చు. మోటారు తీగచుట్ట మీద పూసిన వార్నిష్ వేడెక్కడం వల్ల వచ్చే వాసన అది. నాలుగైదు వాడకాలకు తగ్గిపోతే కంగారు పడనక్కరలేదు. తగ్గకపోయినా, పొగ వచ్చినా లోపమే. అలాగే జారు నిండా గట్టిపిండి వేసి తిప్పితే మిక్సీ టక్కున ఆగిపోతుంది. మోటారు కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోయిందన్నమాట. చాలా మిక్సీల అడుగున చిన్న బటన్ ఉంటుంది. స్విచ్ కట్టేసి, కొంత పిండి తీసేసి, మోటారు చల్లారాక ఆ బటన్ నొక్కితే మళ్ళీ నడుస్తుంది. ఈ రెండూ తెలియక ‘వచ్చిన రోజే కాలిపోయింది’ అని రాసేస్తే, బాగున్న వస్తువుకు చెడ్డపేరు వస్తుంది. పెట్టె విప్పిన రోజు రాయదగ్గవి ప్యాకింగ్, తీగ పొడవు, మూత బిగువు, చప్పుడు. మన్నిక గురించి రాయాలంటే కనీసం కొన్ని నెలలు వాడాలి.

మన్నిక గురించి రాసేటప్పుడు మోటారు ఒక్కటే చూస్తే చాలదు. మిక్సీలో మోటారు కంటే ముందు మొరాయించేవి సాధారణంగా చిన్న భాగాలే. జారు అడుగునా మోటారు తలమీదా ఉండి, తిరిగేటప్పుడు ఒకదాన్నొకటి పట్టుకునే కప్లర్లు అరుగుతాయి. పళ్ళు అరిగిపోతే మోటారు తిరుగుతున్నా బ్లేడు సరిగా తిరగదు, గరగర చప్పుడు వస్తుంది. బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగితే, బ్లేడును వేలితో జాగ్రత్తగా పక్కకు కదిపినప్పుడు ఊగుతుంది. ఆ తర్వాత అక్కడి నుంచి తడి కిందికి దిగి, కప్లర్ చుట్టూ నల్లటి జిగురు కనిపిస్తుంది. మూత రబ్బరు రింగు వదులైతే మజ్జిగ చిలికినప్పుడు గోడంతా చిందుతుంది. ఇలాంటి గుర్తులు ఎన్ని నెలలకు కనిపించాయో, అసలు కనిపించలేదో రాస్తే కొనేవాళ్ళకు ఉపయోగం.

వాడకం తెలియకుండా నెలల లెక్క ఒక్కటే చెబితే అర్థం ఉండదు. ఇద్దరున్న ఇంట్లో రోజూ కాస్త కొబ్బరి పచ్చడి చేసుకునే మిక్సీ, ఆరుగురున్న ఇంట్లో రోజు విడిచి రోజు మినప్పిండి రుబ్బే మిక్సీ ఒకేలా అరగవు. అందుకే ‘ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు దోసెల పిండి, రోజూ పచ్చడి’ అని ఒక్క వాక్యం రాయండి. పని తీరు చెప్పేటప్పుడూ అంతే. ‘బాగా రుబ్బుతుంది’ అనే బదులు ‘నాలుగు గంటలు నానిన గ్లాసు మినప్పప్పు మెత్తగా వచ్చింది, కానీ ఆపి ఆపి తిప్పాల్సి వచ్చింది, పిండి కొంచెం వేడెక్కింది’ అనండి. పసుపు కొమ్ములు, ఎండుమిర్చి పొడి చేశారా, ముందుగా ముక్కలు కొట్టుకున్నారా అన్నదీ చెప్పండి. తడిపిండిలో బాగున్న మిక్సీ పొడుల దగ్గర తేలిపోవచ్చు.

ఇక డబ్బుకు తగ్గదా అన్న ప్రశ్న. ఇక్కడ చాలామంది వాట్ల దగ్గర ఆగిపోతారు. 750 వాట్ల మిక్సీని రోజుకు పది నిమిషాలు పూర్తి సామర్థ్యంతో తిప్పారనుకుందాం. నెలకు కాలే కరెంటు 3.75 యూనిట్లు. అదే 500 వాట్లదైతే 2.5 యూనిట్లు. నెలకు తేడా 1.25 యూనిట్లు మాత్రమే. అంటే కరెంటు బిల్లు చూసి ఇది లాభం, అది నష్టం అనడానికి పెద్దగా ఏమీ లేదు. అసలు ఖర్చు రిపేర్లలో ఉంటుంది. రెండువేలకు కొన్న మిక్సీ రెండేళ్ళకే పనికిరాకుండా పోతే ఏడాదికి వెయ్యి పడినట్టు. నాలుగువేలకు కొన్నది, మధ్యలో 600 రిపేర్లకు పెట్టినా ఆరేళ్ళు నడిస్తే ఏడాదికి 770 లోపే. అయితే మీరు వాడింది ఏడాదే అయినప్పుడు ఆరేళ్ళు వస్తుందని రాయకండి. మీరు కొన్న ధర, కొన్న నెల, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు, కప్లరు, బుష్ మీ ఊళ్ళో రిపేరు షాపులో దొరికాయా లేక కంపెనీ సర్వీస్ సెంటరుకే వెళ్ళాల్సి వచ్చిందా అన్నవి రాస్తే చాలు. లెక్క వాళ్ళే వేసుకుంటారు. వారంటీ కార్డు కూడా ఒకసారి చూడండి. మోటారుకు ఐదేళ్ళని పెద్ద అక్షరాల్లో ఉండి, జార్లకు, రబ్బరు భాగాలకు వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటే ఆ సంగతి చెప్పడం మేలు.

లోపాలు రాసేటప్పుడు ఏ లోపం ఎవరిదో విడదీయాలి. పెట్టె నలిగి రావడం డెలివరీ తప్పు. పాత మోడల్ పంపడం అమ్మినవాళ్ళ తప్పు. మీకొచ్చిన మూతకు పగులుంటే అది ఆ ఒక్క పీసు లోపం కావచ్చు; మార్చి ఇచ్చిన దానిలోనూ అదే ఉంటే మోడల్ మీద అనుమానించాలి. చిన్న జారులో గుప్పెడు పచ్చిమిర్చి వేస్తే బ్లేడుకు అందకపోవడం మాత్రం తయారీ తీరులోని లోపమే. ఆ లోపం ఎవరికి ఇబ్బందో కూడా చెప్పండి. కొద్దికొద్దిగా పచ్చడి చేసుకునేవాళ్ళకు అది పెద్ద లోటు, పెద్ద కుటుంబానికి లెక్కలోకి రాదు. ‘మోసగాళ్ళు’, ‘దొంగ కంపెనీ’ లాంటి మాటల కన్నా, ఏ తేదీన ఫిర్యాదు చేశారో, ఎన్నాళ్ళకు మెకానిక్ వచ్చాడో రాస్తే మాటకు బలం, మీకూ తలనొప్పి ఉండదు.

ఇవన్నీ కలిపితే రివ్యూ ఇలా ఉంటుంది: ‘నలుగురం. ఎనిమిది నెలలుగా వాడుతున్నాం, 3,400కు కొన్నాం. మినప్పప్పు మెత్తగా పడుతుంది, గ్లాసున్నర దాటితే ఆగిపోతుంది. కారం పొడి బాగుంది. ఏడో నెలలో పెద్ద జారు అడుగున కారింది, బుష్ మార్చడానికి 150 అయింది, అది వారంటీలో రాలేదు. చప్పుడు ఎక్కువ, చంటిపిల్లలున్న ఇంటికి వద్దంటాను. రోజూ పిండి రుబ్బేవాళ్ళకు గ్రైండరే మేలు. పచ్చళ్ళు, పొడులకు ఈ ధరలో సరిపోతుంది.’ ఇందులో స్టార్లు లేకపోయినా చదివినవాళ్ళు తేల్చుకోగలరు.

చివరగా ఒక మాట. ‘ఐదు స్టార్లు ఇస్తే క్యాష్‌బ్యాక్’ అన్న చీటీ పెట్టెలో వస్తే, దానికి ఆశపడి రాసింది రివ్యూ కాదు, ప్రకటన. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. కానీ నిబంధనలెన్ని ఉన్నా, రాసేవాళ్ళ నిజాయతీయే ముఖ్యం. వస్తువు ఉచితంగా గానీ తగ్గింపుతో గానీ వచ్చుంటే మొదటి వాక్యంలోనే చెప్పండి. ఏడాది గడిచాక వెనక్కి వెళ్ళి, మీ పాత రివ్యూ కింద రెండు వాక్యాలు చేర్చండి. కొనేవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేవి ఆ రెండు వాక్యాలే.