ఆ రెండు గంటలు ఏ గడిలో?

1990ల చివర్లో అమెరికా ప్యాసింజర్ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ కొత్త వేగవంతమైన రైలు ‘అసేలా’కు సిద్ధమవుతూ, లోపలి సీట్ల రూపకల్పనలో సాయం కోసం ఐడియో అనే డిజైన్ సంస్థను పిలిచింది. ఐడియో బృందం సీట్ల కంటే ముందు ప్రయాణికుల వెంట నడిచింది. రైలు గురించి తెలుసుకోవడం, ప్రయాణం అనుకోవడం, ఇంటి నుంచి బయల్దేరడం, స్టేషన్‌లోకి అడుగుపెట్టడం, టికెట్ కొనడం, ఎదురుచూడడం, రైలెక్కడం ఇలా వరసగా రాసుకుంటూ పోతే మొత్తం పది దశలు తేలాయి. ప్రయాణికుడు సీట్లో కూర్చునేది ఎనిమిదో దశలో. అంటే సీటు ఎంత బాగున్నా, అంతకుముందున్న ఏడు దశల్లో పడిన ఇబ్బందిని అది తీర్చలేదు.

కస్టమర్ జర్నీ మ్యాప్ చేసే పని ఇదే. ఇవాళ బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అది ఒక్క స్లైడ్‌గా తెర మీదికి వస్తోంది. పైన దశలు, మధ్యలో ఎగుడుదిగుడుగా సాగే భావోద్వేగ రేఖ, కింద కస్టమర్ ఇబ్బందులు. చూడ్డానికి తేలికే. కానీ దశలను సంస్థ విభాగాల ప్రకారం కోసి, రేఖను ఊహతో గీస్తే అది వట్టి అలంకారంగా మిగులుతుంది.

ఒక ఊహా ఉదాహరణతో మొత్తం స్లైడును కట్టి చూద్దాం. ఒక జిల్లా కేంద్రంలో డయాగ్నొస్టిక్ సెంటర్ ఉంది. దూరపు పల్లె నుంచి బస్సులో వచ్చే 58 ఏళ్ల షుగర్ పేషెంటు అక్కడ రెండు పరీక్షలు చేయించుకోవాలి. ఒకటి పరగడుపున, రెండోది తిన్న రెండు గంటలకు. సెంటర్ వాళ్లను దశలు చెప్పమంటే రిజిస్ట్రేషన్, బిల్లింగ్, శాంపిల్, ల్యాబ్, రిపోర్టు అంటారు. ఇవన్నీ వాళ్ల గదుల పేర్లు. రెండు శాంపిళ్ల మధ్య గడిచే సమయానికి ఇందులో గడి లేదు, ఎందుకంటే అప్పుడు సెంటర్‌లో ఆ మనిషికి సంబంధించిన పనేమీ జరగదు. పేషెంటుకైతే ఆ రోజులో అన్నిటికంటే బరువైన భాగం అదే.

అందుకని దశలను అతని రోజు ప్రకారం రాయాలి: ఫోన్ చేసి కనుక్కున్నాడు, పరగడుపున బయల్దేరాడు, బిల్లు కట్టి మొదటి శాంపిల్ ఇచ్చాడు, టిఫిన్ తిని రెండు గంటలు ఎదురుచూశాడు, రెండో శాంపిల్ ఇచ్చాడు, రిపోర్టు తీసుకున్నాడు. ఆరు దశలు. ప్రతి దశ పేరూ అతను చేసిన పనే కావడం గమనించాలి. ల్యాబ్‌లో జరిగేది అతనికి కనిపించదు కాబట్టి దానికి ఇక్కడ చోటు లేదు.

ఇక కొలతలు. పవర్‌పాయింట్‌లో వెడల్పాటి స్లైడు 13.33 అంగుళాల పొడవు, 7.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. రెండు పక్కలా అరంగుళం వదిలి, ఎడమవైపు వరసల పేర్లకు 1.33 అంగుళాలు తీసేస్తే 11 అంగుళాలు మిగులుతాయి. దాన్ని ఆరుతో భాగిస్తే ఒక్కో దశకు దాదాపు 1.83 అంగుళాలు. దశలు ఏడు దాటితే గడి ఒకటిన్నర అంగుళం కంటే ఇరుకై, తెలుగు మాటలు ముక్కలవుతాయి. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ కూడా కాస్త ఎక్కువే ఇవ్వాలి. గడులన్నీ సమానంగా ఉంటే అయిదు నిమిషాల ఫోనూ రెండు గంటల నిరీక్షణా ఒక్కలాగే కనిపిస్తాయి. అందుకే దశ పేరు కిందే పట్టిన సమయం రాయడం తప్పనిసరి.

రేఖకు స్లైడులో అన్నిటికంటే ఎత్తైన వరస ఇవ్వాలి. రెండు అంగుళాలు చాలు. మధ్యలో పలుచటి అడ్డగీత సున్నా. పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు. పరీక్ష ముగించుకుని బయటికి వచ్చేవాళ్లను అక్కడికక్కడే పలకరించి, ఒక్కో దశలో ఎలా అనిపించిందో అడిగి, ఆ జవాబులను ఈ మెట్ల మీద పెట్టాలి. మన పేషెంటుకు ఫోన్ దగ్గర 0. ఖాళీ కడుపుతో బస్సు ప్రయాణం -1. నర్సు ఒక్క పోటుతో రక్తం తీసింది, ఇక తినొచ్చు, కాబట్టి +1. నిరీక్షణ -2. రెండో శాంపిల్‌కు మళ్లీ టోకెన్ వరసలో నిలబడ్డాడు, -1. రిపోర్టు రేపు వచ్చి తీసుకోమన్నారు, ఇదీ -1.

చేత్తో వంపులు గీసే బదులు ఈ అంకెలతో లైన్ చార్టు పెట్టడం మేలు. చార్టు అడ్డు అక్షం సెట్టింగుల్లో Axis position దగ్గర Between tick marks ఉంటే ఆరు చుక్కలూ ఆరు గడుల నడిమధ్యన కూర్చుంటాయి. On tick marks ఉంటే మొదటి, చివరి చుక్కలు అంచులకు జరిగిపోయి, రేఖకూ దశలకూ పొత్తు తప్పుతుంది. Smoothed line పెడితే గీత నున్నగా వస్తుంది కానీ, చుక్కల మధ్య ఎవరూ చెప్పని లోతులకు దిగిపోగలదు. చుక్కలను తిన్నని గీతలతో కలపడమే నిజాయితీ.

సగటు దగ్గర మరో ప్రమాదం ఉంది. రిపోర్టు దశలో కొందరు +2 అని, కొందరు -2 అని చెబితే సగటు 0 వస్తుంది. ఆ సున్నా ఎవరి అనుభవమూ కాదు. ఊళ్లోనే ఉన్నవాళ్లకు మర్నాడు రావడం పెద్ద పని కాదు, పల్లె మనిషికి మాత్రం అది ఇంకో రోజు కూలి. జవాబులు ఇలా రెండుగా చీలితే కస్టమర్లు రెండు రకాలున్నట్టు లెక్క. వాళ్లకు రెండు స్లైడులు వేయాలి.

ఇబ్బందుల వరసలో రాయాల్సినవి కస్టమర్ మాటలు. “వెయిటింగ్ హాల్ లేదు”, “యాప్ లేదు” అని రాస్తే అవి ఇబ్బందులు కావు, ముందే తేల్చేసుకున్న పరిష్కారాలు. “ఎక్కడ తినాలో, రెండు గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో ఎవరూ చెప్పలేదు” అన్నది అసలైన ఇబ్బంది. తినడం మొదలుపెట్టిన క్షణం నుంచి ఆ సమయాన్ని లెక్కించాలి. అది తప్పితే రక్తంలో చక్కెర అంకె కూడా మారుతుంది. బిల్లు మీద ఒక్క వాక్యం అచ్చువేస్తే తీరే సమస్య ఇది. హాల్ కట్టినా తీరదు.

స్లైడు సరిగా ఉందో లేదో తేల్చడానికి కంటితో పైనుంచి కిందికి దిగితే చాలు. రేఖ కుంగిన చోట కింద ఇబ్బంది రాసి ఉండాలి. కుంగి ఉండి కింద ఖాళీగా ఉంటే కారణం అడగలేదన్నమాట. ఇబ్బంది రాసి ఉండి రేఖ పైనే ఉంటే, ఆ ఇబ్బంది కస్టమర్‌ది కాక ఆఫీసులో ఎవరిదో అయ్యుండొచ్చు. కుంగిన చుక్కను ఎరుపుతో గుర్తుపెట్టినా, పక్కన అంకె కూడా వేయాలి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ప్రతి సమావేశంలోనూ ఉండొచ్చు.

అన్నిటినీ ఒకేసారి సరిచేయడం కుదరదు కాబట్టి ఏ చుక్కతో మొదలుపెట్టాలన్న ప్రశ్న వస్తుంది. దీనికి వైద్యరంగం నుంచే ఒక ఆధారం ఉంది. డొనాల్డ్ రెడెల్‌మేయర్, డేనియల్ కానమన్ 1996లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్దపేగు పరీక్ష చేయించుకున్నవాళ్లకు గుర్తుండిపోయిన బాధ పరీక్ష ఎంతసేపు సాగిందన్న దాని మీద పెద్దగా ఆధారపడలేదు. అతి తీవ్రమైన క్షణమూ, చివరి క్షణాలూ ఎలా గడిచాయన్న దాని మీద ఆధారపడింది. మన రేఖ మీద అవి నాలుగో చుక్క, ఆరో చుక్క. స్లైడు శీర్షికలో “కస్టమర్ జర్నీ మ్యాప్” అని రాసే బదులు “రెండు గంటల నిరీక్షణ, రిపోర్టు కోసం రెండో ప్రయాణం: పల్లె పేషెంట్లను బాధిస్తున్నవి ఇవే” అని రాస్తే చూసేవాళ్ల కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అడుగున చిన్న అక్షరాల్లో ఎంతమందిని, ఏ తేదీల్లో అడిగారో ఉండాలి. ఎవరినీ అడగకుండా అంచనాతో పెట్టిన చుక్కలుంటే ఆ భాగం వరకు గీతను చుక్కల గీతగా మార్చి, ఆ మాట కూడా అక్కడే రాయాలి.